అప్పు తీరింది, లీన్ తీరలేదు

మియాపూర్‌లో ఒక ఫ్లాట్ అరవై లక్షలకు బేరం కుదిరిందనుకుందాం. అమ్మే ఆయన హోమ్ లోన్ ఎప్పుడో కట్టేశారు. ఇంటి కాగితాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. తీరా కొనేవారి బ్యాంకు లాయరు ఈసీ చూసి ఫైలు పక్కన పెట్టారు. 2012లో పాత బ్యాంకు పేర రాసిన తనఖా అందులో కనబడుతోంది. అది తీరిపోయిందని చెప్పే నమోదు మాత్రం ఎక్కడా లేదు. అప్పు లేదు, లీన్ మాత్రం ఉంది.

హోమ్ లోన్ ఒప్పందంలో కనిపించే ఈ లీన్ అనే మాటకు అర్థం తేలికే. ఇల్లు అప్పు తీసుకున్నవారిదే. అందులో ఉండొచ్చు, అద్దెకు ఇచ్చుకోవచ్చు. అయితే బాకీ తీరేదాకా ఆ ఇంటి మీద బ్యాంకుకు ఒక హక్కు ఉంటుంది. ఇల్లు చేతులు మారినా ఆ హక్కు ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుంది, అందుకే కొనేవాళ్లు అంత జాగ్రత్త పడతారు. మన చట్టం దీన్ని తనఖా అంటుంది. ఇళ్ల విషయంలో ఎక్కువగా జరిగేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పిన ఒక పద్ధతి: అసలు దస్తావేజులను పూచీగా బ్యాంకు చేతిలో పెట్టడం. పెట్టినట్టు రాసుకునే కాగితాన్ని బ్యాంకువాళ్లు ఎంఓడీ అంటారు. దాన్ని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేస్తే ఈసీలోకి ఎక్కుతుంది.

అదే ఒప్పందంలో లీన్ మరోచోట ఇంకో అర్థంలోనూ కనబడవచ్చు. బాకీ పడితే మీ సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద కూడా బ్యాంకుకు హక్కుంటుందని రాసే షరతు అది. ఇల్లు వేరు, డిపాజిట్ వేరు అనుకునేవారు సంతకానికి ముందు ఆ పేరా నిదానంగా చదవాలి. 'బ్యాంకుకు రావలసిన ఇతర బాకీలన్నీ' అనే మాట అక్కడ ఉంటే, క్రెడిట్ కార్డు బాకీ కూడా దాని కిందకు వస్తుందా అని అడిగి తెలుసుకోవాలి.

వాయిదాలు ఆగితే ఈ హక్కుకున్న బలం తెలుస్తుంది. కట్టాల్సిన డబ్బు 90 రోజులు దాటి నిలిచిపోతే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే, ముందుగా కోర్టులో దావా వేసి గెలవాల్సిన పని లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మవచ్చు. బాకీ, ఖర్చులు పోను మిగిలిన సొమ్ము యజమానిదే.

ఇక అప్పు తీరాక ఏం జరగాలి? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చివరి వాయిదా కట్టి, బ్యాంకు ఇచ్చిన నో డ్యూ లేఖ జేబులో పెట్టుకుంటే పని అయిపోయిందనుకుంటారు. కానీ లీన్ మూడు చోట్ల నుంచి తొలగాలి. మొదటిది బ్యాంకు లాకర్: అసలు దస్తావేజులు చేతికి రావాలి. అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు ఇచ్చిన కాగితాల జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. లింకు దస్తావేజు ఒక్కటి తక్కువైనా రేపు అమ్మేటప్పుడు ఇబ్బందే. రెండోది సబ్ రిజిస్ట్రార్ రికార్డు: తనఖా రిజిస్టర్ అయి ఉంటే, దాన్ని రద్దు చేస్తూ బ్యాంకు రాసిచ్చే విడుదల పత్రం కూడా రిజిస్టర్ కావాలి. మూడోది సెర్సాయ్. ఒకే ఇంటిని రెండు బ్యాంకుల్లో పెట్టి అప్పు తెచ్చే మోసాలను అడ్డుకోవడానికి 2011 నుంచి నడుస్తున్న కేంద్ర రిజిస్ట్రీ ఇది. అక్కడ నమోదును ముగించాల్సింది బ్యాంకే.

ఈసీ విషయంలో ఒక అపోహ ఉంది. విడుదల పత్రం రిజిస్టరైతే పాత తనఖా నమోదు చెరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. చెరగదు. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల వరుస చరిత్రే ఈసీ. 2012 తనఖా అలాగే ఉంటుంది, తర్వాతి తేదీతో విడుదల నమోదు వచ్చి చేరుతుంది. లాయరు వెతికేది ఆ రెండో నమోదునే.

కాగితాల కోసం నెలల తరబడి తిరిగే రోజులకు అడ్డుకట్టగా రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఒక ఆదేశం ఇచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలి, రిజిస్ట్రీల్లో ఉన్న నమోదులనూ తొలగించాలి. ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. పత్రాలు పోగొడితే నకళ్లు తెచ్చుకోవడానికి సాయపడి, ఆ ఖర్చు కూడా భరించాలి. అందుకు అదనంగా మరో 30 రోజులు దొరుకుతాయి. 2023 డిసెంబరు 1 నుంచి విడుదల చేయాల్సిన పత్రాలకు ఇది వర్తిస్తుంది. కాబట్టి చివరి వాయిదా కట్టిన తేదీ కనిపించే రసీదును దాచుకోవాలి, ఆ 30 రోజుల లెక్క అక్కడే మొదలవుతుంది.

మియాపూర్ ఆయన అప్పు ఈ ఆదేశానికి ముందే తీరింది కాబట్టి ఆ పరిహారం ఆయనకు రాదు. బేరం నిలవాలంటే పాత నో డ్యూ లేఖ, లోన్ ఖాతా నంబరు పట్టుకుని బ్యాంకు శాఖకు వెళ్లి, విడుదల పత్రం రాయించి, బ్యాంకు తరఫున సంతకం చేసే అధికారితో కలిసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లాలి. ఆ తర్వాత తీసే కొత్త ఈసీతో లాయరు ఫైలు మళ్లీ తెరుస్తారు.