ఎర్ర కణం పొరలో ఎవరి చోటు వారిది

ఎర్ర రక్తకణాలను ఉప్పు చాలా తక్కువగా ఉన్న నీళ్లలో వేస్తే అవి నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పగులుతాయి, లోపలి హిమోగ్లోబిన్ బయటికి కారిపోతుంది. ఆ నీళ్లను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేలిన ఎర్రనీటిని పారబోసి, కడిగి మళ్లీ తిప్పుతూ పోతే చివరికి గొట్టం అడుగున తెల్లటి మడ్డి మిగులుతుంది. అవి ఖాళీ అయిన కణాల పైపొరలు. ప్రయోగశాలల్లో వీటిని ‘గోస్ట్’లంటారు. మన ఎర్ర కణంలో కేంద్రకం ఉండదు, లోపల ఇంకే పొరా ఉండదు. కాబట్టి ఆ మడ్డిలో ఉన్నదంతా పైపొరే. పొరలో ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుంటుంది, అక్కడే ఎందుకు కూర్చుంటుంది అన్న ప్రశ్నలకు చాలా జవాబులు దీంట్లోంచే వచ్చాయి.

ఆ పొర మందం సుమారు 5 నానోమీటర్లు. కొవ్వు అణువులు రెండు వరసల్లో, తలలు నీటివైపు, తోకలు లోపలికి పెట్టుకుని ఉంటాయి. అందువల్ల నడిమి 3 నానోమీటర్ల మేర అచ్చంగా నూనెలాంటి చోటు. విద్యుదావేశం ఉన్న అయాన్ ఏదీ తనంతట తాను అందులోంచి దాటలేదు.

1971లో ఫెయిర్‌బ్యాంక్స్, స్టెక్, వాలక్ ఈ మడ్డిలోని ప్రోటీన్లను జెల్ మీద పరుగెత్తించి, బరువును బట్టి విడివడ్డ చారలకు పైనుంచి వరసగా అంకెలు వేశారు. వాటిలో కొన్ని నేటికీ అదే పేరుతో చలామణీ అవుతున్నాయి. మూడో చారను ఇప్పటికీ ‘బ్యాండ్ 3’ అనే అంటారు. అసలు సంగతి బయటపడేది ఆ పొరలను ఏదో ఒకదానితో కడిగి, ఏ చార మాయమైందో చూసినప్పుడు. ఉప్పు దాదాపు లేని, కాల్షియం, మెగ్నీషియంలను లాగేసే ఈడీటీఏ కలిపిన నీటిలో 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే స్పెక్ట్రిన్, యాక్టిన్ ఊడి నీళ్లలోకి వస్తాయి. ఆ తర్వాత గట్టి ఉప్పునీరు పోస్తే ఆంకిరిన్ వస్తుంది. బ్యాండ్ 3 మాత్రం దేనికీ కదలదు. దాన్ని రప్పించాలంటే డిటర్జెంట్ వేసి కొవ్వు పొరనే కరిగించాలి. ఇలా పొర చెదరకుండానే ఊడివచ్చేవి పెరిఫెరల్ ప్రోటీన్లు, పొరను కరిగిస్తే తప్ప రానివి ఇంటిగ్రల్ ప్రోటీన్లు. 1972లో సింగర్, నికల్సన్ తమ ప్రసిద్ధ ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనాను ఈ విభజన మీదే కట్టారు. కొవ్వు తోక ఒక్కటి పొరలో దించి వేలాడే ప్రోటీన్లూ ఉన్నాయి, అవి ఈ రెండు గదుల్లోనూ సరిగా ఇమడవు. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

బ్యాండ్ 3 అంత మొండిగా ఎందుకుంటుంది? దాని పక్కనే ఉండే మరో ఇంటిగ్రల్ ప్రోటీన్, గ్లైకోఫోరిన్ ఎ, చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది 131 అమైనో ఆమ్లాల గొలుసు. బయటి భాగం నిండా చక్కెర గొలుసులు, లోపల చిన్న తోక. నడుమ మాత్రం నీరంటే గిట్టని అమైనో ఆమ్లాలు ఇరవై పైచిలుకు ఒకేచోట వరసగా ఉంటాయి. అవి మెలితిరిగి హెలిక్స్‌గా మారినప్పుడు ఒక్కోటి 0.15 నానోమీటర్ల ఎత్తు పెంచుతుంది. ఇరవై కలిస్తే 3 నానోమీటర్లు, అంటే సరిగ్గా పొర నడిమి నూనె మందం. ఆ ముక్క నీళ్లలోకి రావాలంటే దానికి పెద్ద శిక్షే. అందుకే ఉప్పునీరు ఎంత పోసినా కదలదు. పెరిఫెరల్ ప్రోటీన్లను పట్టి ఉంచేవి ఎక్కువగా ఆవేశాల మధ్య ఆకర్షణలు, హైడ్రోజన్ బంధాలు. వాటిని ఉప్పు సడలిస్తుంది.

ఇంటిగ్రల్ ప్రోటీన్ నిజంగా ఆ వైపు నుంచి ఈ వైపుకు దూసుకెళ్తుందా అన్నది 1971లో బ్రెచర్ తేల్చాడు. పొర దాటలేని ఒక రేడియోధార్మిక రసాయనాన్ని ముందు పగలని కణాలకూ, తర్వాత రెండు వైపులా దారి దొరికే గోస్ట్‌లకూ వేశాడు. గోస్ట్‌లలో అవే ప్రోటీన్ల మీద కొత్త చోట్ల గుర్తులు పడ్డాయి. అంటే వాటికి లోపలి వైపు కూడా కొంత భాగం ఉందన్నమాట.

బ్యాండ్ 3 పని ఆ అడ్డంగా దూరడంతోనే ముడిపడి ఉంది. కండరాల దగ్గర కార్బన్ డయాక్సైడ్ కణంలోకి దిగి బైకార్బనేట్‌గా మారుతుంది. ఆవేశం ఉన్న బైకార్బనేట్ పొర దాటి ప్లాస్మాలోకి పోవాలి. బ్యాండ్ 3 దాన్ని బయటికి పంపి బదులుగా ఒక క్లోరైడ్‌ను లోపలికి తెస్తుంది, ఊపిరితిత్తుల్లో అదే పనిని తిరగేసి చేస్తుంది. కేశనాళికలో కణం ఉండేది సుమారు ఒక సెకను. ఆలోగా పని ముగియాలి కాబట్టి ఒక్కో కణంలో ఈ ప్రోటీన్ ప్రతులు పది లక్షలకు పైగా ఉంటాయి. ఒక్కోటి పొరలోంచి పద్నాలుగు సార్లు అటూ ఇటూ వెళుతుంది. పొర పక్కన అంటుకుని ఉండే ఏ ప్రోటీనూ ఈ పని చేయలేదు, దారి ఉండేది పొర మధ్యలోనే కదా.

స్పెక్ట్రిన్ పని వేరు. కొవ్వు పొర ద్రవం లాంటిది, లాగితే తట్టుకునే బలం దానికి లేదు. సుమారు 8 మైక్రోమీటర్ల వెడల్పున్న కణమేమో 3 మైక్రోమీటర్ల నాళాల్లో దూరాలి, ప్లీహంలో ఇంకా సన్నటి చీలికల్లోంచి జారాలి, ఇలా 120 రోజులు బతకాలి. ఆ సాగుడును స్పెక్ట్రిన్ అనే పొడవాటి తాళ్లు పొర లోపలి ముఖాన వల అల్లి భరిస్తాయి. గోస్ట్‌లలోంచి డిటర్జెంట్‌తో కొవ్వును తీసేసినా ఈ వల కణం ఆకారాన్ని దాదాపు నిలుపుకుంటుంది. స్పెక్ట్రిన్‌ను తీసేస్తే మాత్రం పొర చిన్న చిన్న బుడగలుగా తెగిపోతుంది. ఆకారం ఎవరిదో చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలీదు.

ఈ వలను పైపొరకు కట్టే ముఖ్యమైన ముడి ఆంకిరిన్. ఒక వైపు స్పెక్ట్రిన్‌ను, మరో వైపు బ్యాండ్ 3 లోపలికి చాచిన భాగాన్ని పట్టుకుంటుంది. దీని జన్యువులో లోపం ఉన్నవారిలో వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్ వస్తుంది. ఇతర ముడుల్లో లోపాలున్నా ఈ జబ్బే రావచ్చు. ముడి లేని చోట పొర ఆధారం లేక కొంచెం కొంచెం బుడగలుగా రాలిపోతుంది. లోపలి సరుకు తగ్గదు, చుట్టూ ఉన్న పొర మాత్రం తగ్గిపోతుంది, దాంతో పళ్లెంలా ఉండాల్సిన కణం బంతి అవుతుంది. సగం నీళ్లు పోసి మూతి కట్టిన పాలిథిన్ సంచి సందులోంచి జారిపోతుంది, నిండా నింపినది ఇరుక్కుంటుంది. అలాగే ఈ బంతి కణాలు ప్లీహం చీలికల్లో చిక్కి నాశనమవుతాయి. రక్తహీనత, కామెర్లు, పెరిగిన ప్లీహం, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు దీని లక్షణాలు. తీవ్రంగా ఉన్నవారికి ప్లీహం తొలగిస్తే రక్తహీనత బాగా తగ్గుతుంది, కణాలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి. చిక్కుకునే చోటు లేకపోయింది, అంతే.

ఈ జబ్బును పట్టే పరీక్షల్లో ఒకటి చూడండి. ఈఎంఏ అనే మెరిసే రంగును రక్తంలో కలుపుతారు. అది కణాల బయటి వైపు, ముఖ్యంగా బ్యాండ్ 3కి, అంటుకుంటుంది. ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణం మెరుపును కొలుస్తారు. లోపం ఉన్నది లోపలి వైపు ఆంకిరిన్‌లో అయినా మెరుపు తగ్గేది బయటే, ఎందుకంటే రాలిపోయిన ప్రతి బుడగతో పాటు కొంత బ్యాండ్ 3 కూడా పోతుంది. ఈ పరీక్ష ఒక్కటే చాలదు. మలేసియా, పపువా న్యూగినీ ప్రాంతాల్లో కనిపించే అండాకార కణాల లోపంలోనూ మెరుపు తగ్గుతుంది, అక్కడ మాత్రం లోపం బ్యాండ్ 3లోనే, అది పొరలోకి దూరే అంచు దగ్గర తొమ్మిది అమైనో ఆమ్లాలు లేకపోవడం వల్ల వస్తుంది. అందుకే ల్యాబ్‌లో అంకె చూసి ఊరుకోరు, స్మియర్ స్లయిడ్‌ను మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు బంతుల్లా ఉన్నాయా, కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయా అని చూస్తారు.