దురద తగ్గింది, తామర తగ్గలేదు

ఆటో నడిపే ఓ యువకుడికి ఎండాకాలంలో గజ్జల్లో గుండ్రని మచ్చ లేచిందనుకుందాం. అంచు ఎర్రగా ఉబ్బి, మధ్యలో కాస్త తేటపడి ఉంటుంది. అది తామర. మందుల షాపులో అడిగితే ఓ ట్యూబ్ ఇస్తారు. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, ఎరుపు తగ్గుతుంది. వారానికి ట్యూబ్ పక్కన పడేస్తాడు. మరో వారానికి మచ్చ రెండింతలై తొడల మీదికి పాకుతుంది. మళ్లీ అదే ట్యూబ్ తెస్తాడు.

ట్యూబ్ మీద చిన్న అక్షరాల్లో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్, బెక్లోమెథసోన్, బెటామెథసోన్ వంటి పేరు ఉంటే అందులో స్టిరాయిడ్ ఉన్నట్టే. ఎరుపు, దురద అనేవి ఫంగస్ మీద మన చర్మం చేసే పోరాటానికి గుర్తులు. స్టిరాయిడ్ ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. అడ్డు లేక ఫంగస్ హాయిగా పాకుతుంది. స్పష్టమైన అంచు చెదిరిపోయి, చూడగానే తామరని పోల్చుకోవడం డాక్టరుకే కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి, చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు.

రాయాల్సింది స్టిరాయిడ్ కలవని క్రీమ్. క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, లులికోనజోల్ అయితే ఒక్కసారి. ఇవి ఫంగస్ తన పైపొర కట్టుకోకుండా అడ్డుకుంటాయి. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, ఎందుకంటే ఫంగస్ కంటికి కనిపించే చోటు దాటి ఉంటుంది. మచ్చ మాయమయ్యాక కూడా మరో రెండు వారాలు రాయాలి. మచ్చలు చాలాచోట్ల ఉన్నా, ఇదివరకు స్టిరాయిడ్ వాడి ఉన్నా క్రీమ్ ఒక్కటే చాలదు. డాక్టరు మాత్రలు రాయాల్సి రావచ్చు. స్టిరాయిడ్ మానగానే దురద కొన్నాళ్లు ఎక్కువవుతుంది. చాలామంది మళ్లీ పాత ట్యూబ్ పట్టేది అప్పుడే.

గజ్జల్లోకి ఈ ఫంగస్ చాలాసార్లు పాదాల నుంచే వస్తుంది. కాలి చివరి రెండు వేళ్ల సందులో చర్మం తెల్లగా నాని చిట్లుతుంటే అక్కడా క్లోట్రిమజోల్ నాలుగు వారాలు రాయాలి. స్నానమయ్యాక ఆ సందులు పొడిగా తుడవాలి. లోదుస్తుల కంటే ముందు సాక్సులు వేసుకుంటే పాదాల ఫంగస్ పైకి అంటదు.

శోభి తీరు వేరు. వీపు, ఛాతీ మీద తెల్లని లేదా గోధుమరంగు మచ్చల్ని గోటితో గీరితే సన్నని పొడి రాలుతుంది. ఇది అందరి చర్మం మీదా ఉండే ఫంగసే, నూనె, చెమట ఎక్కువైనప్పుడు పెరుగుతుంది. కీటోకోనజోల్ షాంపూను తడి ఒంటికి పట్టించి, అయిదు నిమిషాలాగి కడగాలి. అయిదు రోజులు ఇలా చేస్తే సాధారణంగా చాలు. తెలుపు మాత్రం నెలల తరబడి ఉంటుంది. గీరినా పొడి రాలకపోతే ఫంగస్ పోయినట్టే, రంగు దానంతటదే వస్తుంది. మచ్చ పోలేదని మందు పెంచక్కర్లేదు.