హోదా తగ్గించే లేఖ ఎప్పుడు శిక్ష అవుతుంది?

రైల్వేలో కింది స్థాయి నుంచి ఎదిగిన పురుషోత్తం లాల్ ధింగ్రాకు 1951లో తాత్కాలికంగా క్లాస్-2 పోస్టు దక్కింది. రహస్య నివేదికలో ఆయన పనితీరుపై ప్రతికూల వ్యాఖ్యలు పడటంతో 1953లో తిరిగి క్లాస్-3కి పంపేశారు. సంజాయిషీ ఇచ్చుకునే అవకాశమే దొరకలేదంటూ ఆయన కోర్టుకెక్కారు.

1957లో సుప్రీంకోర్టులో ఆయన ఓడిపోయారు. తాత్కాలిక పోస్టుపై ఆయనకు హక్కు లేదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు.

అయితే ఆ తీర్పే ప్రభుత్వోద్యోగులకు రెండు కొలతలు అందించింది. ఆ పోస్టుపై ఉద్యోగికి హక్కు ఉందా? లేకున్నా, సొంత హోదాలో జీతం, సీనియారిటీ, పదోన్నతి అవకాశం దెబ్బతిన్నాయా? ఈ రెండింటిలో ఏది నిజమైనా అది శిక్షే.

ఉదాహరణకు, సొంత పోస్టులో 50,000, తాత్కాలిక పోస్టులో 56,000 రూపాయల జీతం ఉందనుకుందాం. తిరిగి 50,000కి రావడం శిక్ష కాదు. 47,000కి దించితే మాత్రం శిక్షే. అప్పుడు రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం అభియోగాలు తెలిపి, విచారణ జరిపి, ఉద్యోగి వాదన వినాల్సిందే.

ప్రైవేటు ఉద్యోగులకు ఈ అధికరణం వర్తించదు. వారు ముందుగా నియామక పత్రంలోని షరతులు, సంస్థ సర్వీసు నిబంధనలు చూసుకోవాలి. లేఖలోని కారణాలకు రాతపూర్వకంగా బదులివ్వాలి.