అటక మీద అట్టపెట్టెలు

డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో అటక అంటే సూట్‌కేసులూ, బొమ్మల కొలువు పెట్టెలూ దాచే చోటు. అక్కడి ఇంటికి మాత్రం అది చలికాలపు దుప్పటి. సీలింగు మీద, దూలాల మధ్యా వాటిపైనా, పైపుతో ఊదిన ఫైబర్‌గ్లాసో, కాగితం తుక్కుతో చేసే సెల్యులోజో పరుచుకుని ఉంటుంది.

అది ఎంత మందం ఉండాలి? వేడిని అడ్డుకునే శక్తిని అమెరికాలో ఆర్-వాల్యూతో కొలుస్తారు. మిషిగన్ లాంటి చలి ప్రాంతాల అటకకు 2021కి ముందు నమూనా కోడ్ అడిగింది ఆర్-49. 2021 కోడ్ దాన్ని 60కి పెంచింది. ఊదిన ఫైబర్‌గ్లాస్ అంగుళానికి సుమారు రెండున్నర ఇస్తుంది కాబట్టి ఆర్-49 కావాలంటే దాదాపు 20 అంగుళాలు కావాలి. సెల్యులోజ్ అంగుళానికి మూడున్నర దాకా ఇస్తుంది, 14 అంగుళాలు చాలు. అయితే అది కాలక్రమేణా కుంగుతుంది. సంచి మీద ఊదినప్పటి మందం, కుంగాక మిగిలే మందం రెండూ రాసి ఉంటాయి. లెక్కకు రెండోదే పట్టుకోవాలి.

ఇప్పుడు పెట్టెల సంగతి. దూలం లోతు ఐదున్నర అంగుళాలే అనుకుందాం. దాని మీద ప్లైవుడ్ పరిస్తే 20 అంగుళాల ఫైబర్‌గ్లాస్ ఐదున్నరకు అణిగిపోతుంది. పీచు ఒక్కటీ ఎక్కడికీ పోలేదు, మరి నష్టమేమిటి? వేడిని ఆపేది పీచు కాదు, దాని మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. అణిగిన పాత పరుపు చలికి ఆగనట్టే, గాలి బయటికి పోతే మందమూ పోతుంది, ఒకదానికొకటి తగిలిన పీచుల గుండా వేడి జారుకుంటుంది. నొక్కినప్పుడు అంగుళం లెక్కన బలం కొంత పెరిగే మాట నిజమే; మహా అయితే నాలుగుకు చేరుతుంది. అంగుళాలే మిగల్లేదు కాబట్టి మొత్తం 22 దగ్గర ఆగుతుంది.

వెయ్యి చదరపు అడుగుల అటకలో ఇలా అణిగింది 200 అడుగులే అనుకోండి. సగటు దాదాపు 44 ఉంటుందని తోస్తుంది. కానీ వేడి బలహీనమైన చోటునే ఎక్కువగా దాటుతుంది; సరిగ్గా లెక్కిస్తే మొత్తం అటక విలువ 39కి పడుతుంది. దూలాల కలప గుండా పోయేది ఇందులో కలపలేదు.

మందం చూడటానికి ప్రతి 300 చదరపు అడుగులకు ఒక కొలబద్ద గుచ్చి ఉండాలి. కానీ కొలబద్ద ఒక్కదాన్నే నమ్మకూడదు. గాలి ఎక్కువ కలిపి పలచగా ఊదితే మందం కనిపిస్తుంది, విలువ రాదు. అందుకే సంచి మీది పట్టికలో వెయ్యి అడుగులకు ఎన్ని సంచులో చూసి, ఖాళీ సంచులు లెక్కపెట్టుకోవాలి. పెట్టెలు అక్కడే ఉండాలంటే, ప్లైవుడ్‌ను ఇన్సులేషన్ పైఅంచుకన్నా ఎత్తున నిలిచే చట్రం మీద వేయించండి. ఆ అదనపు బరువును దూలాలు మోయగలవో లేదో ముందే అడగాలి.