బొమ్మ, వీధి, పొగ: మూడూ ఒకే షాట్‌గా కలవాలంటే

సందెవేళ వీధిలో ఓ అమ్మాయి ప్రమిద పట్టుకుని నడుస్తోంది. యానిమేషన్ సినిమాలో ఇది నాలుగైదు సెకన్ల షాట్. అమ్మాయిని చేత్తో గీశారు. వీధిని బ్లెండర్‌లో త్రీడీగా కట్టారు. పక్కింటి పొయ్యి పొగను నల్లటి తెర ముందు కెమెరాతో తీశారు. ఈ మూడింటినీ పొరలుగా పేర్చగానే పని అయిపోదు. అమ్మాయి వీధిలో ఉన్నట్టుండదు, అట్టముక్క కత్తిరించి అతికించినట్టుంటుంది. ఆ అతుకు కనిపించకుండా చేయడమే కంపోజిటింగ్‌లో అసలు పని.

చాలామంది మొదట రంగులు సరిచేస్తారు. కానీ ముందు చూడాల్సింది నలుపు. తెర మీద వెలుగును 0 నుంచి 255 దాకా కొలుస్తాం. అమ్మాయి బొమ్మ గీతలు 0 దగ్గర, అంటే కటిక నలుపులో ఉంటాయి. సందె వీధిలో మూలనున్న నీడ కూడా అంత నల్లగా ఉండదు. మధ్యనున్న గాలి, దుమ్ము దాన్ని కాస్త తేల్చి, నీలం వైపు లాగుతాయి. ఎరుపు 18, ఆకుపచ్చ 20, నీలం 30 అన్నట్టుగా ఉంటుంది. బొమ్మలోని నలుపును కూడా అక్కడికే తేవాలి. తరువాత తెలుపును అలాగే సరిచూసుకోవాలి. అమ్మాయి తెల్ల జాకెట్టు వీధిలోని సున్నపు గోడకన్నా ప్రకాశంగా ఉంటే కన్ను వెంటనే పట్టేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లను ఒక్కొక్కటిగా నలుపు తెలుపుల్లో చూస్తే ఏది ఎక్కడ తేడాగా ఉందో తెలుస్తుంది.

పొగ సంగతి వేరు. దాన్ని స్క్రీన్ అనే పద్ధతిలో కలిపితే నల్లటి తెర మాయమై పొగ మాత్రమే మిగులుతుంది. ఆ తెర నిజంగా 0 కాకపోతే పొగ చుట్టూ లేత బూడిదరంగు చతురస్రం మిగిలిపోతుంది. మామూలుగా చూస్తే కనిపించదు. ప్రివ్యూలో గామాను బాగా పెంచి చూస్తే దాని అంచు బయటపడుతుంది.

ఇక ప్రమిద వెలుగు. ఇక్కడ గ్లో ఒక్కటే సరిపోదు. దీపం వైపున్న చెంప మీద, చేతి మీద వెచ్చటి రంగు పడాలి, రెండోవైపు నీడ ఉండాలి. 1988లో వచ్చిన ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’లో కార్టూన్ పాత్రలు నిజమైన నటుల పక్కన ఒదిగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. రిచర్డ్ విలియమ్స్ బృందం గీసిన బొమ్మలకు నీడలు, మెరుపులు వేరే పొరలుగా తయారుచేసి ఆప్టికల్ ప్రింటర్ మీద కలిపారు. మన షాట్‌లోనూ అలాంటి పొర వేశాకే గ్లో ఇవ్వాలి. గ్లో అంటే బాగా వెలిగే భాగాన్ని మాత్రం విడదీసి, బ్లర్ చేసి, తిరిగి మీద కలపడం. ఏ స్థాయి పైన వెలుగును తీసుకోవాలో త్రెషోల్డ్ నిర్ణయిస్తుంది. దాన్ని మరీ తగ్గిస్తే దీపంతో పాటు జాకెట్టు కూడా మెరుస్తుంది. గ్లో పొర అమ్మాయి వెనకాల కాకుండా ముందుండాలి. అప్పుడే ఆమె వేళ్ల అంచులు వెలుగులో కాస్త కరుగుతాయి.

గ్రెయిన్ అన్నిటికన్నా చివర. పొగలో కెమెరా గ్రెయిన్ ముందే ఉంది, మిగతా రెండు పొరలు నున్నగా ఉన్నాయి. అందుకని పొగలోని గ్రెయిన్‌ను డీనాయిజ్‌తో తగ్గించి, మొత్తం కలిపాక అన్నిటి మీదా ఒకే గ్రెయిన్ వేయాలి. చేతి బొమ్మలు తరచుగా సెకనుకు 12 ఉంటాయి, సినిమా 24 ఫ్రేములు నడుస్తుంది. గ్రెయిన్‌ను బొమ్మ పొరకే వేస్తే అది రెండేసి ఫ్రేములు గడ్డకట్టినట్టు నిలుస్తుంది, మురికి అద్దం లోంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే అది 24 ఫ్రేముల్లోనూ మారుతూ ఉండాలి. దీనివల్ల మరో లాభం, సందె ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విరగడం తగ్గుతుంది. ఎంత వేయాలన్నది అసలు సైజులో షాట్‌ను నడిపించి చూసి తేల్చుకోవాలి. కథకన్నా ముందు గ్రెయినే కంటపడితే ఎక్కువైనట్టే. బిట్‌రేట్ తక్కువైన వీడియోలో సన్న గ్రెయిన్ చెరిగి గళ్లు పడుతుంది కనుక ఫైనల్ ఫైల్‌ను ఫోన్‌లో కూడా చూడాలి.

అతుకు ఇంకా కనిపిస్తోందని గ్రెయిన్, గ్లో పెంచుకుంటూ పోకండి. నలుపు కలవని షాట్‌ను అవి కలపలేవు. వెనక్కి వెళ్లి, అమ్మాయి గీతల నలుపును వీధి నీడతో మళ్లీ పోల్చి చూడండి.