ఎర్రనీళ్ళొచ్చాక

బాసెల్, స్విట్జర్లాండ్. జులై చివరి ఆదివారం.

"గోదారికి ఎర్రనీళ్ళొచ్చేశాయిరా. పంటు ఆపేశారు," అంది అమ్మ ఫోన్లో. ఇక్కడ సాయంత్రం ఆరు, ముక్తేశ్వరంలో రాత్రి తొమ్మిదిన్నర.

"అయితే పులసలు పడుతున్నాయా?" అన్నాను.

"పడితే మాత్రం, మనం కొనేట్టుంటాయా ఆ ధరలు!" అని నవ్వింది.

ఫోన్ పెట్టేశాక నాకే ఆశ్చర్యమేసింది. వచ్చిన మొదటి ఏడాది ఇదే మాట వింటే ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో ఫోన్లో చూస్తూ కూర్చునేవాణ్ణి. 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. మా ఇల్లు మునిగే చోట లేదని తెలుసు, అయినా చూసేవాణ్ణి. వరద భయం కాదది. అక్కడ ఏదో జరుగుతోంది, నేను లేను, అంతే. మర్నాడు ఫ్యాక్టరీలో కంట్రోల్ ప్రోగ్రాం ముందు కూర్చుంటే అదే వరస పదేపదే చదివేవాణ్ణి తప్ప ముందుకు కదిలేవాణ్ణి కాదు.

బెంగ ఎక్కువైనప్పుడు రైన్ ఒడ్డుకు వెళ్ళేవాణ్ణి. అది పొరపాటు మందు. ఈ ఊళ్ళో నది దాటించే పడవలు నాలుగున్నాయి. వాటికి ఇంజనూ లేదు, తెడ్లూ లేవు. ఏటికి అడ్డంగా పైన ఉక్కు తీగ లాగి ఉంటుంది, దానిమీద దొర్లే కప్పీకి పడవను తాడుతో కట్టేస్తారు. పడవ నడిపేవాడు దాన్ని ప్రవాహానికి ఏటవాలుగా నిలబెడతాడు. నీరు పక్కనుంచి తోస్తుంది, కిందికి కొట్టుకుపోకుండా తాడు ఆపుతుంది. ఇక పడవకు మిగిలింది అడ్డంగా జరగడమే. తిరుగు ప్రయాణంలో ఏటవాలును రెండోవైపుకు మారుస్తాడు. ఇంజనీరన్నవాడు ముచ్చటపడాల్సిన పని. నాకు మాత్రం అప్పట్లో అందులో కోటిపల్లి పంటు లేకపోవడమొక్కటే కనిపించేది. కాకినాడలో చదివేటప్పుడు ఇంటికి వచ్చేది ఆ పంటు మీదే. ఆటోలు, మోటారుసైకిళ్ళు, డీజిలు వాసన, బల్లకట్టంతా జనం. ఇక్కడ అవేవీ లేవు కనుక ఈ పడవ నాకు పడవే కాదు.

ఈ మధ్యాహ్నం మళ్ళీ ఎక్కాను. పంటు గుర్తొచ్చింది. కానీ ఈసారి తాడు కోణం చూస్తూ, ఇది నాన్నకెలా చెప్పాలా అనుకుంటున్నాను. జ్ఞాపకం వచ్చి ఎదురుగా ఉన్నదాన్ని తుడిచేయలేదు, పక్కన కూర్చుంది. బెంగకూ దీనికీ తేడా నాకు తెలిసింది అక్కడే. బెంగ పిలవకుండా వచ్చి పని ఆపేస్తుంది, ప్రతిదాన్నీ ఇంటితో పోల్చి తక్కువ చేస్తుంది. ఇది కాసేపుండి వెళ్ళిపోతుంది. కొంచెం నొప్పి ఉంటుంది, కాదనను.

తమాషా ఏమిటంటే, ఈ బాధను రోగంగా మొదట రాసింది ఈ ఊళ్ళోనే. 1688లో యోహానెస్ హోఫర్ అనే 19 ఏళ్ళ వైద్య విద్యార్థి బాసెల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సిద్ధాంత వ్యాసం 'నోస్టాల్జియా' మీద. ఈ రోజు ఆ మాటకు మనం ఇచ్చే తీపి అప్పుడు లేదు, అది ప్రాణాలు తీసే జబ్బు. అతను చెప్పిన రోగుల్లో ఒకడు బెర్న్ నుంచి ఇక్కడికి చదువుకు వచ్చిన కుర్రాడు. జ్వరంతో చిక్కి చావుకు దగ్గరయ్యాడు. ఇంటికి తీసుకెళ్తున్నారని తెలిసి తేరుకోవడం మొదలుపెట్టాడు, ఊరు చేరకముందే దారిలోనే నయమైపోయాడట. బెర్న్ ఇప్పుడు ఇక్కణ్ణుంచి గంట రైలు! చదివి నవ్వొచ్చింది కానీ, ఇంటికి ఉత్తరం చేరడానికే రోజులు పట్టే కాలంలో ఆ గంట దూరం ఎంతో. తర్వాత జ్యూరిక్ పండితుడు షాయిట్జర్ కొండలమీది జనానికి పల్లపు గాలి ఒత్తిడి పడక ఇలా అవుతుందన్నాడు. ఎత్తైన చోటికి, కనీసం బురుజు పైకి చేర్చమని సలహా. ప్రెషర్ గేజీలతో బతికే నాకు ఆ వైద్యం మీద జాలి కలిగింది.

నాది పూర్తిగా నయమైందని రాసుకోలేను. మొన్న నాన్నకు మోకాలి ఆపరేషనని తెలిసిన వారమంతా పాత బెంగే, పాత నిద్రలేని రాత్రులే. అవతల పక్క, ఈ తీపి జ్ఞాపకాన్నీ పూర్తిగా నమ్మను. అది బాగా ఏరుకుంటుంది. కోటిపల్లి రేవులో ఎండలో పంటు కోసం నిలబడి విసుక్కున్న పూటలు దాని లెక్కలో లేవు. అక్కకు ఈ మాట చెబితే, "నువ్వు విసుక్కున్నవి మాకు గుర్తున్నాయిలే," అంది.

జనవరికి సెలవు పెట్టాను. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఉండేలా టికెట్లు ఈ రాత్రే తీసుకున్నాను, రానూపోనూ కలిపి. మొదటిసారి వెళ్ళినప్పుడు వెనక్కి రావాల్సిన తేదీ వెయ్యలేక దాన్ని ఖాళీగా వదిలేసి వెళ్ళే టికెట్టే కొన్నాను.