వంటింటి వ్యర్థాలు, వేరుశనగ పొట్టు, మూడు గోలేలు

నాలుగేళ్ల క్రితం మా ఇంట వంటింటి వ్యర్థాలను ఎరువుగా మార్చాలని సంకల్పించి, ఒక పాత ప్లాస్టిక్ బకెట్టును పెరటి గోడ వారగా ఉంచాము. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, విందు నాటి ఎముకలు అన్నీ అందులోనే పడేవి. పది రోజులైనా గడవకముందే బకెట్టు అంచులు ఎలుకలు కొరికివేశాయి. మూత తీస్తే తెల్లని పురుగులు కుతకుతలాడుతూ కనిపించాయి. పొరుగింటివారు మర్యాదగానే అయినా స్పష్టంగానే తమ అభ్యంతరం చెప్పారు. ఆ అనుభవం నుండి నేర్చుకొన్నదే ఇక్కడ వివరిస్తున్నాను.

ఎలుక, ఈగ, పురుగు అని మనం మూడు శత్రువులను లెక్కిస్తాము గాని, పురుగు ఈగ బిడ్డే. కావున నిజానికి శత్రువులు రెండే. ఆ రెండింటినీ పిలిచేది ఒక్కటే: తడి ఆహారం నుండి వెలువడే వాసన. మూత ఎంత బిగించినా వాసన ఆగదు. వాసనను ఆపేది ఆ తడిని పీల్చుకొని పైన దట్టంగా పరచుకొనే పొడి పదార్థం. పట్టణాలలో ఇందుకు ఎండుటాకులు వెదుకుతారు. దేశంలోనే వేరుశనగ సాగుకు పేరుపొందిన ఈ సీమలో, బత్తలపల్లి వంటి ఊళ్లో, మనకు కాయలు ఒలిచిన పొట్టు ఉన్నది. అది గరుకుగా ఉండి మధ్య మధ్య గాలి ఆడనిస్తుంది, త్వరగా ముద్దకట్టదు.

అయితే పొట్టు విషయంలో మేము ఒక పొరపాటు చేశాము. మిల్లు నుండి తెచ్చిన పొట్టును గోనెసంచి నుండి నేరుగా వాడాము. ఎలుకలు మునుపటికంటె ఎక్కువైనాయి. చేతిలోకి తీసుకొని చూస్తే కారణం తెలిసింది: పొట్టులో పగిలిన పప్పులు, నలిగిన గింజలు దండిగా ఉన్నాయి. ఎలుకను దూరం చేయడానికి తెచ్చిన వస్తువులోనే ఎలుకకు ప్రీతికరమైన ఆహారం ఉన్నదన్నమాట! అప్పటినుండి పొట్టును చేటలో చెరిగి, గింజలను ఏరి కోళ్లకు వేసి, తరువాతనే వాడుతున్నాము. చెరిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. బూజు పట్టిన గింజల ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బూజు పట్టినవి కోళ్లకు సైతం వేయరాదు. చెరిగిన పొట్టును కాళ్లతో తొక్కి కొంత నలగగొడితే త్వరగా కుళ్లుతుంది.

ఇక పాత్ర. ప్లాస్టిక్కును ఎలుక కొరుకుతుంది, కాల్చిన మట్టిని కొరకలేదు. కావున అరవై లీటర్ల మట్టి గోలేలు మూడు తీసుకొన్నాము. మూతకు తాడిపత్రి నాపరాయి బండ ముక్కను వాడాము, దానిని ఎలుక కదల్చలేదు. గాలికోసం పక్కలకు చిన్న రంధ్రాలు వేయించాము. ఇక్కడ జాగ్రత్త అవసరం. అరంగుళం సందు ఉంటే ఎలుక దూరుతుంది, పావంగుళం ఉంటే చిట్టెలుక దూరుతుంది, అంతకన్న చిన్న సందులోనుండి పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు దూరుతాయి. కావున ప్రతి రంధ్రానికీ లోపలివైపు ఉక్కు దోమతెరను సిమెంటుతో అంటించాము. అడుగున నీరు పోవడానికి ఒక రంధ్రం, దానికీ తెర. గోలేలను మట్టినేలపై ఉంచకుండా నాపరాళ్లు పరిచి వాటిమీద రెండేసి ఇటుకలెత్తు లేపాము. పందికొక్కు మూతవైపు చూడదు, కింద నుండి తవ్వుకొని వస్తుంది. దానికి గోలెం కింద చీకటి మూల దొరకకూడదు.

నిత్యం జరిగే పని ఇది. అడుగున నాలుగంగుళాల పొట్టు పరచాలి. ఐదుగురున్న మా ఇంట రోజుకు ముప్పాతిక కిలో వ్యర్థాలు వస్తాయి. వాటిని సన్నగా తరిగి వేయాలి. ఒక డబ్బా వ్యర్థాలకు రెండు డబ్బాల పొట్టు వంతున, సగం లోపల కలిపి, మిగిలిన సగంతో పైన కప్పాలి. కప్పు రెండంగుళాల మందానికి తగ్గకూడదు. కింది తొక్క ఒక్కటి కూడా కంటికి కనిపించరాదు. వారానికొకసారి కర్రతో అడుగుదాకా కదిలించి మళ్లీ కప్పాలి. పదార్థం అణగుతూ పోతుంది గనుక ఒక్కొక్క గోలెం నిండడానికి సుమారు ఒక నెల పడుతుంది. మూడవది నిండేసరికి మొదటిది రెండు నెలలు మాగి, ఎరువై ఉంటుంది. జల్లెడ పట్టగా మిగిలిన కుళ్లని పొట్టును కొత్త గోలెం అడుగున వేస్తే అది పాలకు తోడు వేసినట్లు పనిచేస్తుంది.

మాంసం, ఎముకలు, చేపల పొలుసు, నూనె ఓడుతున్న బిర్యానీ అన్నం ఇందులో వేయరాదు. ఇది ఛాదస్తం కాదు. పెద్ద కుప్పలో పుట్టే వేడి ఇంత చిన్న పాత్రలో నిలువదు. ఆ వేడి లేనిదే అవి వాసన రాకుండా కుళ్లవు, వాటిలోని రోగక్రిములూ చావవు. బక్రీదు నాటి వ్యర్థాలను రెండడుగులకు మించిన గోతిలో పూడ్చి, మట్టి తొక్కి, పైన బరువైన రాయి పెట్టడమే ఉచితం.

ఇన్ని చేసినా పురుగు కనిపించిందంటే, ఈగ గోలెంలోకి రాలేదు, గుడ్డు వంటింటిలోనే పడింది. మన వేసవిలో ఈగ గుడ్డు ఒక్క రోజులోపే పురుగవుతుంది. మామిడితొక్కను రాత్రంతా మూతలేని గిన్నెలో ఉంచి ఉదయం గోలెంలో వేస్తే, గుడ్లను మన చేతులతోనే వేసినట్లు. వంటింటి గిన్నెకు మూత ఉండాలి, దానిని ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. అప్పటికే పురుగులుంటే ఆ పై భాగాన్ని తీసి ఎండలో పలుచగా పరిస్తే కోళ్లు ఏరివేస్తాయి. మిగిలినదానికి పొట్టు దండిగా కలపాలి. ఫినాయిలు, పురుగుల మందు చల్లేవారున్నారు. వాటివల్ల కుళ్లబెట్టే మేలైన జీవులు సైతం చస్తాయి, ఎరువు కాస్తా చెత్తగానే మిగిలిపోతుంది. వేపాకు వేస్తే చాలునంటారు పెద్దలు. ఎండిన వేపాకు మంచి కప్పే గాని, తడి ఎక్కువైన గోలేన్ని అదొక్కటే కాపాడడం నేను చూడలేదు.

తడి సరిగా ఉన్నదో లేదో చేతితోనే తెలుస్తుంది. పిడికెడు తీసుకొని గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారకట్టి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తే గాలి చాలలేదు: పొట్టు వేసి కదిలించాలి. మన ఊళ్లో ఏప్రిల్, మే మాసాలలో కష్టం తలకిందులవుతుంది. గోలెం ఎండిపోయి చీమలు పుట్ట పెడతాయి. అప్పుడు చెంబెడు నీరు చిలకరించి, గోలేన్ని నీడకు జరపాలి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఇది ఒక కుటుంబానికి సరిపడే పద్ధతి. వందమందికి వండే హాస్టలు వంటింటికి ఇటువంటి గోలేలను వరుసగా పేర్చితే మా మొదటి బకెట్టు కథే పెద్దయెత్తున జరుగుతుంది. 1924 నుండి 1931 వరకు ఇందూరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాద్ అనే సహచరునితో కలిసి 1931లో గ్రంథరూపంలో వెల్లడించిన కుప్ప పద్ధతి అటువంటి చోటికి తగినది. ఎండు చెత్త, పచ్చి చెత్త, పేడ పొరలుపొరలుగా వేసి, కనీసం మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా పేర్చిన కుప్ప లోపల చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది. దానిని తిరగవేసినప్పుడల్లా వెలుపలి అంచుల పురుగు లోపలి వేడిలో పడి చస్తుంది. కాని తిరగవేసే మనిషి ఒకరు నియతంగా కావాలి. ఆ మనిషిని ముందు నియమించి, కుప్పను తరువాత వేయించగలరు.